పాట వింటే వయసు తగ్గుతుందా?

బీటిల్స్ పాట ‘వెన్ ఐయామ్ సిక్స్టీ ఫోర్’ విన్న కాలేజీ విద్యార్థుల వయసు దాదాపు ఏడాదిన్నర తగ్గింది. అనిపించడం కాదు, పుట్టిన తేదీ ప్రకారమే తగ్గింది. 2011లో ‘సైకలాజికల్ సైన్స్’ పత్రికలో ఈ ఫలితం అచ్చయింది. పాట విన్నవారి సర్దుబాటు చేసిన సగటు వయసు 20.1 ఏళ్లు, ‘కలింబా’ అనే వేరే సంగీతం విన్నవారిది 21.5. పి-వాల్యూ 0.040.

పి-వాల్యూ అంటే, పాటకు ఏ ప్రభావమూ లేకపోయినా ఇంత తేడా, లేదా ఇంతకంటే పెద్ద తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం. అది 0.05 కన్నా తక్కువైతే ఫలితాన్ని పట్టించుకోవచ్చని చాలా రంగాల్లో వాడుక. ఆ లెక్కన ఈ పాట పరీక్ష పాసైంది.

రాసిన ముగ్గురూ (జోసెఫ్ సిమన్స్, లీఫ్ నెల్సన్, యూరి సైమన్‌సన్) కావాలనే ఇలా చేశారు. అంకెల్లో అబద్ధం లేదు, లెక్కల్లో తప్పు లేదు. చెప్పకుండా వదిలేసినవాటిలోనే ఉంది కిటుకంతా. ఆ సంగతులు అదే వ్యాసంలో తర్వాత వాళ్లే బయటపెట్టారు. పాల్గొన్నది మొదట చెప్పినట్టు 20 మంది కాదు, 34 మంది. మూడో బృందానికి పిల్లల పాట ఒకటి వినిపించి, ఆ ఫలితాన్ని పక్కన పెట్టేశారు. ఎంతమందితో ఆపాలో ముందు అనుకోలేదు. పదిమంది వచ్చినప్పుడల్లా లెక్క వేసి చూశారు. ఇది బొమ్మ పడేదాకా నాణెం ఎగరేసి, పడగానే ఆట ఆపేయడం లాంటిది. విద్యార్థులను రకరకాల ప్రశ్నలు అడిగారు. వాటిలో తండ్రి వయసు ఒకటి. దాన్ని సమీకరణంలో కలిపి సగటులను సర్దితేనే 0.040 వచ్చింది. తీసేస్తే పి-వాల్యూ 0.33, అంటే ఏమీ లేనట్టే.

ఈ పనులనే పి-హ్యాకింగ్ అంటారు. మోసం అనే మాట ఇక్కడ పూర్తిగా అతకదు. ‘తండ్రి వయసును లెక్కలోకి తీసుకోవడం సబబే కదా’ అని చేసేవారికి నిజాయితీగానే అనిపిస్తుంది. పాట గురించి కాబట్టి మనం నవ్వాం, అదే కొత్త మందు గురించైతే నమ్మేవాళ్లం. ఒక్కో వెసులుబాటూ చిన్నదే, కానీ అన్నీ కలిస్తే చిన్నవి కావు. నాలుగు రకాల వెసులుబాట్లు ఒకేసారి వాడితే, అసలు ప్రభావమే లేనిచోట ‘ఉంది’ అని తేలే అవకాశం 5 శాతం నుంచి సుమారు 61 శాతానికి పెరుగుతుందని ఆ ముగ్గురూ కంప్యూటర్ సిమ్యులేషన్‌లో చూపించారు.

దీనికి విరుగుడుగా వచ్చిందే ముందస్తు నమోదు, అంటే ప్రీ-రిజిస్ట్రేషన్. డేటా చూడకముందే పరికల్పన ఏమిటో, ఎంతమందిని తీసుకుంటారో, దేన్ని ప్రధానంగా కొలుస్తారో, ఏ పద్ధతిలో విశ్లేషిస్తారో రాసి, తేదీతో ఒక రిజిస్ట్రీలో పెట్టాలి. తర్వాత వేరే విశ్లేషణలు చేయకూడదని కాదు. చేస్తే, అవి తర్వాత చేసినవని చెప్పాలి.

మందుల పరీక్షల్లో ఇది ముందే మొదలైంది. అమెరికా ప్రభుత్వ గుండె, ఊపిరితిత్తుల, రక్త పరిశోధన సంస్థ నిధులతో జరిగిన పెద్ద పరీక్షలను రాబర్ట్ కాప్లాన్, వెరోనికా ఇర్విన్ 2015లో పరిశీలించారు. 2000కు ముందు వెలువడిన 30లో 17 పరీక్షలు మందు పనిచేసిందన్నాయి. ఆ తర్వాత నమోదు తప్పనిసరి అయ్యాక వచ్చిన 25లో అలా చెప్పినవి 2 మాత్రమే. మందులు ఒక్కసారిగా చేవ కోల్పోయాయా? ఒక ఆధారం చూడండి. ఆ 25లో 12 పరీక్షల్లో, ప్రధానంగా ప్రకటించిన కొలతలో కాక గుండెకు సంబంధించిన వేరే కొలతల్లో మంచి ఫలితం కనిపించింది. పాత రోజుల్లో అయితే అలాంటిదాన్నే ముందుకు తెచ్చి, మొదటి నుంచీ దానికోసమే వెతికినట్టు రాసే వీలుండేది. అయితే ఆ మార్పుకు నమోదు ఒక్కటే కారణమని ఈ పోలిక నిరూపించదు. ఆ కాలంలో సాధారణ వైద్యమూ మెరుగైంది.

నమోదు చేసినంత మాత్రాన పని అయిపోదు. ‘ఒత్తిడి తగ్గుతుంది’ అని గోడమీద పిల్లిలా రాస్తే, ఒత్తిడిని కొలవడానికి పది దారులు తెరిచే ఉంటాయి. పైగా నమోదునీ, అచ్చయిన వ్యాసాన్నీ పక్కపక్కన పెట్టి చూసే ఓపిక ఎంతమందికి ఉంటుంది? ముందస్తు నమోదు లాంటి పద్ధతులతో ఫలితాలు మళ్లీ మళ్లీ నిలబడతాయని 2023లో వచ్చిన ఒక వ్యాసాన్నే 2024లో వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. విశ్లేషణలన్నీ ముందే నమోదు చేశామని అందులో రాసుకున్న మాట నిలబడలేదు.

అందుకే కొన్ని పత్రికలు ‘రిజిస్టర్డ్ రిపోర్ట్’ పద్ధతి తెచ్చాయి. ప్రయోగం మొదలవకముందే ప్రణాళికను సమీక్షకులు చదువుతారు. అది బాగుంటే, ఫలితం ఎటు వచ్చినా అచ్చు వేస్తామని పత్రిక మాట ఇస్తుంది. పి-వాల్యూ గురించి పరిశోధకుడికి టెన్షన్ ఉండదు. మనస్తత్వశాస్త్రంలో మామూలు వ్యాసాల్లో 96 శాతం తమ మొదటి పరికల్పన నిజమైందని చెబితే, ఈ పద్ధతిలో అలా చెప్పినవి 44 శాతమేనని 2021లో ఒక పరిశీలన తేల్చింది. ఆ తేడా అంతా పి-హ్యాకింగ్‌దే అనుకోవడం తొందరపాటు. ఫలితం మీద ముందే అనుమానం ఉన్న ప్రశ్నలనే కొందరు ఈ దారికి తెస్తూ ఉండవచ్చు. ప్రతికూల ఫలితాలు మామూలు పత్రికల గడప దాటకపోవడం కూడా ఆ 96లో కలిసే ఉంది.