5040 నుంచి 336కి: స్ప్లే ట్రీ ఖాతా లెక్క

7, 6, 5 అంటూ 1 దాకా అదే వరుసలో, చిన్న విలువ ఎడమకు, పెద్దది కుడికి వెళ్లే బైనరీ సెర్చ్ ట్రీలో వేసి చూడండి. చెట్టు రాదు, తాడు వస్తుంది. 7కి ఎడమన 6, దానికి ఎడమన 5, అలా అట్టడుగున 1.

1985లో డేనియల్ స్లీటర్, రాబర్ట్ టార్జాన్ ప్రచురించిన స్ప్లే ట్రీ ఇలాంటి తాడును ముందుగా సరిచేసి పెట్టదు. వెతికిన నోడ్‌ను ప్రతిసారీ రూట్‌కు తెస్తుంది, అంతే. కిటుకంతా ఏ వరుసలో తిప్పుతామన్నదాంట్లో ఉంది.

1 కోసం వెతికామనుకుందాం. దాన్ని ఎప్పటికప్పుడు పైనున్న తండ్రితో తిప్పుకుంటూ, అంటే బిడ్డ పైకెక్కి తండ్రి దాని కిందికి దిగేలా చేస్తూ పోతే 6 రొటేషన్లలో రూట్‌కు చేరుతుంది. కానీ దాని కింద 7, 6, 5, 4, 3, 2 మళ్లీ తాడుగానే మిగులుతాయి. శ్రమంతా వృథా!

స్ప్లే ట్రీ ఇక్కడ జిగ్-జిగ్ చేస్తుంది. 1 తన తండ్రి 2కి ఎడమ బిడ్డ, 2 కూడా 3కి ఎడమ బిడ్డే. ఇలా ఇద్దరూ ఒకే వైపుంటే ముందు తండ్రిని తాత మీదికి తిప్పి, తర్వాతే 1ని తండ్రి మీదికి తిప్పాలి. అలా మూడు జిగ్-జిగ్‌లు చేస్తే రొటేషన్లు అవే 6, చెట్టు మాత్రం ఇలా తేలుతుంది:

```
  1
    \
      6
     / \
    4   7
   / \
  2   5
   \
    3
```

ఇప్పుడు 3ని వెతుకుదాం. 3 కుడి బిడ్డ, దాని తండ్రి 2 ఎడమ బిడ్డ. దారి వంకర తిరిగింది కాబట్టి ఇది జిగ్-జాగ్: ముందు 3ని 2 మీదికి, వెంటనే 4 మీదికి తిప్పుతాం. ఇప్పుడు 3కి తండ్రి 6, తాత 1. మళ్లీ వంకరే, మరో జిగ్-జాగ్.

```
     3
   /   \
  1     6
   \   / \
    2 4   7
       \
        5
```

చెట్టు బాగుపడిందని కంటికి తెలుస్తోంది, కొలవడమెలా? ప్రతి నోడ్ దగ్గర, దానితో కలిపి దాని కింద ఎన్ని నోడ్లున్నాయో లెక్కపెట్టి, ఆ సంఖ్యలన్నీ గుణించండి. మొదటి తాడుకు 7×6×5×4×3×2×1 = 5040. జిగ్-జిగ్‌ల తర్వాత 336, జిగ్-జాగ్‌ల తర్వాత 112. ఒక్కొక్కటిగా తిప్పిన పద్ధతిలో మాత్రం మళ్లీ 5040. నాకు ఈ అంశం మొత్తంలో బాగా నచ్చేది ఈ ఒక్క పోలికే.

ఆ లబ్ధానికి 2 ఆధారంగా తీసిన లాగరిథమ్‌ను పొటెన్షియల్ అంటారు. అది చెట్టు నెత్తిన ఉన్న అప్పులాంటిది. మొదటి వెతుకులాటలో 6 రొటేషన్లు ఖర్చయ్యాయి, అప్పు 12.3 నుంచి 8.4కి, అంటే 3.9 తగ్గింది. ఖాతాలో నికరంగా పడింది దాదాపు 2.1. ఇదే అమోర్టైజ్డ్ ఖర్చు. n నోడ్లున్న చెట్టులో ఒక వెతుకులాటకు ఇది 3 log₂ n + 1 దాటదని స్లీటర్, టార్జాన్ నిరూపించారు.

అయితే ఈ హామీ మొత్తం వరుసకే గానీ ఏ ఒక్క వెతుకులాటకూ కాదు. 1 నుంచి 7 దాకా వరుసగా వెతికితే చెట్టు మళ్లీ మొదటి తాడైపోతుంది, అప్పుడు 1ని అడిగితే అట్టడుగుకు దిగాల్సిందే. కోడ్ రాసేవాళ్లు తరచూ చేసే పొరపాటు ఇంకోటి: వెతికిన విలువ దొరకకపోతే ఏమీ తిప్పకుండా వెనక్కి రావడం. తాడు మీద 0 కోసం పదే పదే వెతికితే ప్రతిసారీ 7 నోడ్లు దిగుతాం, అప్పు మాత్రం పైసా తీరదు. చివరగా తగిలిన నోడ్‌నైనా రూట్‌కు తేవాలి.