ఇల్లు అక్కడే, డివిజన్ నంబరే మారింది: తిరుపతి వార్డుల అంకెల వెనుక కథ

తిరుపతిలో కొర్లగుంట వైపు వెళ్తే గోడల మీద 20-1 అంటూ మొదలయ్యే డోర్ నంబర్లు కనిపిస్తాయి. చాలామంది ఆ ఇరవైని తమ డివిజన్ నంబర్ అనుకుంటారు. ఎన్నికల రోజు స్లిప్పులు పంచే బల్ల దగ్గర ఏదో ఒక పెద్దాయన ఈ మాటే పట్టుకుని వాదిస్తాడు. "మా డోర్ నంబరే ఇరవైతో మొదలవుతుంటే ఇంకో డివిజన్‌కి పొమ్మంటావేం నాయనా?" అని. స్లిప్పులు రాసే కుర్రాడికి జవాబు తెలియదు. లిస్టులో ఎలా ఉంటే అలా చెబుతాడు.

ఆ పెద్దాయన లెక్క పూర్తిగా తప్పేమీ కాదు, పాతది. మన ఊళ్లలో డోర్ నంబర్‌కు మూడు ముక్కలుంటాయి. మొదటిది వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. ఇంటి పన్ను వసూలు చేయడానికి మున్సిపాలిటీ ఊరిని ముక్కలుగా విడగొట్టి ఇళ్లకు నంబర్లు వేసింది. అప్పుడు వేసిన వార్డు అంకె డోర్ నంబర్‌లో అలాగే గడ్డకట్టుకుపోయింది. రిజిస్ట్రేషన్ కాగితాలు, కరెంటు బిల్లు, బ్యాంకు పాస్‌బుక్ అన్నీ దాని మీదే ఆధారపడ్డాయి కాబట్టి ఎవరూ దాన్ని కదపరు. ఎన్నికల వార్డు సంగతి వేరు. జనాభా మారినా, ఊరి హద్దు మారినా దాన్ని మళ్లీ గీయాల్సిందే. ఒకే చోట మొదలైన రెండు అంకెల్లో ఒకటి నిలిచిపోయింది, ఇంకోటి నడుస్తూ పోయింది. 2019 అక్టోబర్ నుంచి వార్డు సచివాలయాలు వచ్చాక మూడో అంకె కూడా చేరింది. పట్టణాల్లో దాదాపు 4,000 మందికి ఒక సచివాలయం అన్న లెక్కతో వాటిని పెట్టారు. అందుకే సచివాలయాలూ డివిజన్లూ ఒకటికొకటి సరిపోవు.

ఇంతకీ వార్డా, డివిజనా? చట్టంలో ఉన్నది వార్డే. మున్సిపాలిటీలో వార్డు, కౌన్సిలర్ అంటాం. కార్పొరేషన్ అయ్యేసరికి అదే డివిజన్, కార్పొరేటర్ అవుతుంది. తిరుపతి మున్సిపాలిటీ 1886లో, చిత్తూరు మున్సిపాలిటీ 1917లో ఏర్పడ్డాయి. తిరుపతి 2007లో, చిత్తూరు 2012లో కార్పొరేషన్లయ్యాయి. తిరుపతిలో కార్పొరేషన్ బోర్డు పెట్టాక తొలి పాలకవర్గం ఎన్నిక కావడానికి 2021 మార్చి దాకా ఆగాల్సి వచ్చింది. ఆ మధ్యకాలమంతా ప్రత్యేకాధికారుల పాలనే. పాత కౌన్సిల్ రోజుల వార్డు నంబర్లు జనం నోళ్లలో అలాగే ఉండిపోవడానికి ఇదీ ఒక కారణం. పదమూడు, పద్నాలుగేళ్లు కొత్త నంబర్‌తో ఎవరికీ పని పడలేదు మరి.

నేటి డివిజన్ల లెక్కకు మూలం 74వ రాజ్యాంగ సవరణ. అది 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. పట్టణ సంస్థలకు నేరుగా ఎన్నికలు జరగాలని, ఐదేళ్ల గడువు ఉండాలని, రిజర్వేషన్లు పాటించాలని, రాష్ట్ర ఎన్నికల సంఘం వాటిని నిర్వహించాలని చెప్పింది. కార్పొరేషన్ చట్టం ఇంకో మాట చేర్చింది. ఒక్కో వార్డుకు ఒక్కరే సభ్యుడు, వీలైనంత వరకు వార్డులన్నీ సమాన జనాభాతో ఉండాలి. నంబర్లు మారడానికి బీజం ఆ 'సమాన జనాభా' అన్న మాటలోనే ఉంది.

తిరుపతికి లెక్క వేసి చూద్దాం. 2011 జనగణనలో నగర జనాభా సుమారు 2,87,000. డివిజన్లు 50. సగటున ఒక్కోదానికి 5,740 మంది. సగటు కంటే పది శాతం అటూ ఇటూ ఉండొచ్చనుకుంటే ఏ డివిజన్ అయినా సుమారు 5,170 నుంచి 6,310 మధ్య ఉండాలి. చిత్తూరుకూ డివిజన్లు 50యే. జనాభా మాత్రం తిరుపతిలో సగం కంటే కాస్త ఎక్కువ. అక్కడి కార్పొరేటర్ గెలవాల్సిన వీధులు తక్కువన్నమాట. రెండు ఊళ్ల కార్పొరేటర్లనూ ఒకే తూకంలో వేసేవాళ్లు ఈ సంగతి మరిచిపోతుంటారు.

ఈ జనాభాను వీధివారీగా ఎవరూ కొత్తగా లెక్కపెట్టరు. జనగణన సిబ్బంది ఒక్కొక్కరికి అప్పగించే చిన్న ముక్కను ఎన్యూమరేషన్ బ్లాకు అంటారు. 2011లో ఒక్కో బ్లాకులో ఆరేడు వందల మంది ఉండేవారు. టౌన్ ప్లానింగ్ విభాగం ఊరి మ్యాపు మీద ఈ బ్లాకులను పరిచి, పక్కపక్కనున్న ఎనిమిదింటినో తొమ్మిదింటినో కలిపి ఒక డివిజన్ చేస్తుంది. బ్లాకును మధ్యలో చీల్చకపోవడమే మంచిది. చీలిస్తే అటెంతమంది, ఇటెంతమంది అన్నదానికి ఆధారం ఉండదు. ముక్కలు తేలాక నంబర్లు వేస్తారు. పద్ధతేమిటంటే ఉత్తరం లేదా ఈశాన్యం నుంచి మొదలుపెట్టి తూర్పు, దక్షిణం, పడమరల మీదుగా ప్రదక్షిణగా తిరుగుతూ లోపలికి రావడం. హైదరాబాద్‌లో 150 డివిజన్లు ఉన్నప్పుడు 1వ నంబర్ ఈశాన్యాన ఉన్న కాప్రాది. విశాఖలో భీమిలి కలిశాక మొదటి నంబర్లు అటువైపే వెళ్లాయి.

అసలు తిప్పలు ఈ ప్రదక్షిణతోనే. తిరుపతికి తూర్పు పక్కన 12,000 మంది ఉన్న ఒక ఊరు కలిసిందనుకుందాం. ఊరు ఊహే, నగరం లెక్క నిజమే. మొత్తం జనాభా 2,99,000 అవుతుంది. డివిజన్లు 50కి మించకూడదంటే సగటు 5,980కి పెరుగుతుంది. కొత్త ఊరికి రెండు డివిజన్లు వస్తాయి. అంటే పాత నగరం 50కి బదులు 48 డివిజన్లలో సర్దుకోవాలి. ప్రతి డివిజన్ సుమారు 240 మంది చొప్పున పెరగాలి, వాళ్లను పక్కదాని నుంచి లాక్కోవాలి.

పాత డివిజన్లు ఒకటి తర్వాత ఒకటిగా, సరిసమానంగా ఉన్నాయనుకోండి. మొదటి డివిజన్ కాస్త ఉబ్బుతుంది, నంబర్ అదే. రెండోది తను ఇచ్చినదానికి రెట్టింపు మూడోదాని నుంచి లాక్కుంటుంది. ఇలా ఎనిమిదో డివిజన్ దగ్గరికి వచ్చేసరికి దాని హద్దు పాత తొమ్మిదో డివిజన్‌లోకి దాదాపు మూడో వంతు జరిగిపోతుంది. ప్రదక్షిణలో కొత్త ఊరు ఇక్కడే తగులుతుంది కాబట్టి 9, 10 నంబర్లు దానివి. పాత తొమ్మిదిలో మిగిలిన రెండు వంతులు 11 అవుతాయి. అంటే ఒకే డివిజన్ జనంలో కొందరు 8కి, ఎక్కువమంది 11కి పోతారు. అక్కణ్నుంచి ముందుకు వెళ్లేకొద్దీ తేడా తగ్గుతుంది. పాత 25 ఇప్పుడు 26. పాత 50 మళ్లీ 50 దగ్గరే ఆగుతుంది. తూర్పున ఒక ఊరు కలిస్తే ఊరి మొదట్లో, చివర్లో ఉన్నవాళ్లకు ఏమీ తెలియదు. మధ్యలో ఉన్నవాళ్లకే తల తిరుగుతుంది. 'మా నంబర్ మారలేదే' అని ఒకరు, 'మాది రెండు ముక్కలైంది' అని ఇంకొకరు అంటే ఇద్దరిదీ నిజమే.

కొత్త ఊరికి చివర్న 51, 52 ఇచ్చి మిగతావాళ్లను వదిలేయొచ్చు కదా అంటారు. అలా చేస్తే పాత 50 డివిజన్లు సగటు 5,740 దగ్గరే ఉంటాయి, ఎవరి హద్దూ కదలదు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ సభ్యుల సంఖ్యను కమిషనర్ తన ఇష్టప్రకారం పెంచలేడు, అది ప్రభుత్వం ఖరారు చేస్తుంది. ఆ సంఖ్య 50 దగ్గర ఉన్నంతకాలం కొత్త ఊరికి చోటు పాత ఊరి నుంచే రావాలి.

పేర్ల విషయంలో హైదరాబాద్ వాళ్లు మనకంటే మెరుగు. అక్కడ డివిజన్‌కు నంబర్‌తో పాటు అధికారికంగా పేరూ ఉంటుంది. నంబర్ మారినా కాప్రా కాప్రానే. తిరుపతి, చిత్తూరుల్లో నోటిఫికేషన్, ఓటర్ల జాబితా, బ్యాలెట్ అన్నీ నంబర్ మీదే నడుస్తాయి. పేర్లు జనం పెట్టుకున్నవి. జీవకోన, బైరాగిపట్టెడ, కొర్లగుంట లాంటి పెద్ద పేటలు ఒక్క డివిజన్‌లో ఇమడవు, చిన్న కాలనీలకు సొంత డివిజన్ రాదు. నంబర్‌తో పాటు పేరు కూడా గెజెట్‌లో పెడితే సగం గందరగోళం పోతుందని నా అభిప్రాయం. పెద్ద పేట పేరు ఎవరికి దక్కాలన్న గొడవ మాత్రం మొదలవుతుంది, అది వేరే సంగతి.

నంబర్ మారితే రాజకీయ నాయకులకు అంత టెన్షన్ ఎందుకంటే రిజర్వేషన్ల వల్ల. ఎస్సీ డివిజన్లను తేల్చడానికి ఏ డివిజన్‌లో ఎస్సీ జనాభా శాతం ఎక్కువో వరుసగా రాసి పైనుంచి తీసుకుంటారు. మహిళలకు కేటాయించేవి లాటరీలో తేలతాయి. హద్దు రెండు వీధులు జరిగితే ఆ శాతం మారుతుంది, డివిజన్ జాబితాలో కిందికో పైకో పోతుంది. ఐదేళ్లు వీధుల్లో తిరిగి పేరు తెచ్చుకున్న నాయకుడు ఒక్క నోటిఫికేషన్‌తో పోటీకే అర్హత లేకుండా పోవచ్చు. అందుకే కొత్త డివిజన్ల ముసాయిదా వచ్చిన రోజు కార్పొరేషన్ ఆఫీసులో మ్యాపు ముందు మూగేది ఎక్కువగా వాళ్లే. మామూలు జనం అరుదు.

నిజానికి ముసాయిదాలో మామూలు జనం పట్టుకోగలిగిన తప్పులే ఎక్కువ. ప్రతి డివిజన్‌కూ ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర హద్దులు వాక్యాల్లో రాస్తారు. హద్దు సాధారణంగా రోడ్డు మధ్యగా పోతుంది కాబట్టి ఎదురెదురు ఇళ్లు వేర్వేరు డివిజన్లు కావడం తప్పు కాదు. హద్దు వాక్యం ఒకటి చెప్పి, కింద ఇచ్చిన డోర్ నంబర్ల పట్టిక ఇంకోటి చెబితే మాత్రం తప్పే. మనవైపు డోర్ నంబర్లకు /1, /ఎ అంటూ తోకలు ఎక్కువ. ఒక స్థలంలో మూడిళ్లు వెలిస్తే మూడు తోకలు. పట్టికలో అసలు నంబర్ ఉండి తోకలు జారిపోతే ఓటర్ల జాబితా తయారయ్యేటప్పుడు ఆ ఇళ్లు పక్క డివిజన్‌కు పోతాయి. ఒకే అపార్ట్‌మెంటులో, ఒక్కోసారి ఒకే ఇంట్లో, భార్యకో డివిజన్ భర్తకో డివిజన్ వచ్చేది ఇలాగే. అభ్యంతరాలకు ఇచ్చే గడువు కొద్ది రోజులే. ఆ లోపు డోర్ నంబర్, ఓటరు కార్డు నంబర్ రాసి ఇస్తే సరిచేస్తారు. తుది గెజెట్ వచ్చాక సరిహద్దు మారదు, ఓటర్ల జాబితాలో పేరును మాత్రమే మార్పించుకోగలం.

తిరుపతిలో 2021లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2026 మార్చి దాకా. చుట్టుపక్కల గ్రామాలను కలిపి గ్రేటర్ తిరుపతి చేయాలన్న ప్రతిపాదనా వచ్చింది. ఇటు జనగణన కోసం పరిపాలనా విభాగాల సరిహద్దులను 2025 డిసెంబర్ 31తో ఖరారు చేసి, 2027 మార్చి 31 దాకా కదపకూడదన్నారు. లెక్కింపు సిబ్బందికి ఇచ్చిన బ్లాకు మధ్యలో ఊరి హద్దు మారితే ఆ లెక్క ఎవరి ఖాతాలో వేయాలో తెలియదు కాబట్టి ఈ నిబంధన. ఆ జనగణన అంకెలు చేతికొచ్చాక 5,740 అన్న సగటు కూడా చెల్లదు. 2011 తర్వాత పొలాలు పోయి అపార్ట్‌మెంట్లు లేచిన అంచు డివిజన్లు సన్నబడతాయి. జనం పెద్దగా పెరగని గాంధీ రోడ్డు చుట్టుపక్కల డివిజన్లు పక్కవాటిని కలుపుకుని వెడల్పవుతాయి. ఒక్క గ్రామం కలవకపోయినా అప్పుడు అంకెలు మళ్లీ జరుగుతాయి.