బోర్డు మీది 26 టన్నులు ఎక్కడి నుంచి వచ్చాయి?

2022 జనవరి 28, ఉదయం ఆరున్నర దాటింది. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఫెర్న్ హాలో వంతెన ఒక సిటీ బస్సుతో, కొన్ని కార్లతో సహా లోయలో కూలింది. అదృష్టవశాత్తు ఎవరూ చనిపోలేదు. 26 టన్నులు దాటిన వాహనాలు ఈ వంతెన ఎక్కరాదన్న బోర్డు అప్పటికే ఉంది. మరి ఆ అంకె ఎలా పుట్టింది?

వంతెన మొదట తన బరువును తానే మోయాలి. అది పోగా మిగిలిన బలమే వాహనాలకు దక్కుతుంది. వంతెన ఎంత బరువు మోయగలదో చెప్పే సామర్థ్య నివేదికలో ఇంజనీరు చేసే లెక్కకు మూలం ఈ తీసివేతే.

ఊహాజనితమైన ఉదాహరణ చూద్దాం. ఒక ఉక్కు దూలం బలం 100 పాళ్లు, వంతెన స్వీయభారం దానిపై 60 పాళ్లు, 36 టన్నుల నమూనా లారీ కుదుపుతో కలిపి 20 పాళ్లు అనుకోండి. భద్రత కోసం రెండు భారాలనూ 1.3తో హెచ్చిస్తారు. 100లో స్వీయభారానికి 78 పోతే మిగిలేది 22. లారీకి కావలసింది 26. అంటే 0.85 వంతే ఉంది కాబట్టి పరిమితి సుమారు 30 టన్నులు. ఇప్పుడు తుప్పు దూలం బలంలో పదో వంతు తినేసిందనుకుందాం. మిగులు 12కు పడిపోతుంది, పరిమితి 16 టన్నులకు దిగుతుంది. బలం పది శాతం తగ్గితే అనుమతించే బరువు దాదాపు సగమైంది! పాత వంతెనల విషయంలో నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే.

పైగా తారు ఉంది. రోడ్డు పాడైనప్పుడల్లా పాత పొర మీదే కొత్తది వేస్తే స్వీయభారం పెరుగుతూ పోతుంది. మూడు అంగుళాల తారు చదరపు మీటరుకు సుమారు 175 కిలోలు తూగుతుంది. ఫెర్న్ హాలో లెక్కలో తారు మందం మూడు అంగుళాలని రాసుకున్నారు. నిజంగా ఉన్నది దాదాపు ఆరు. వంతెనను నిలబెట్టే ఉక్కు కాళ్లు ఒత్తిడికి పక్కకు వంగిపోయే ప్రమాదాన్ని కూడా తక్కువగా అంచనా వేశారు. తుప్పు వల్ల పోయిన ఉక్కును సరిగా లెక్కించలేదు.

ఆ వంతెన ఉక్కు రంగు అవసరం లేని రకం. తడిసి ఆరుతూ ఉంటే పైన ఏర్పడే తుప్పు పొరే లోపలి లోహాన్ని కాపాడుతుంది. కానీ నీటి కాలువలు పూడిపోయి, చెత్త పేరుకుని కాళ్ల అడుగు భాగం ఎప్పుడూ తడిగానే ఉండిపోయింది. రక్షించాల్సిన తుప్పు రంధ్రాలు పడేదాకా తినేసింది. చివరికి ఒక కాలిని బిగించి ఉంచే పలక తెగింది. తనిఖీ చేసినవారు మరమ్మతులు కావాలని ఏళ్ల తరబడి రాస్తూనే ఉన్నారు.

అందుకే మంచి నివేదిక పాత నక్షాలను నమ్ముకోదు. తారుకు రంధ్రం వేసి మందం కొలుస్తారు, తుప్పు గీకి మిగిలిన ఉక్కును అతిధ్వని పరికరంతో చూస్తారు. అమెరికా నియమం ప్రకారం కనీసం 3 టన్నులైనా మోయలేని వంతెనను మూసేయాలి. ప్రమాదం తర్వాత సరైన కొలతలతో మళ్లీ లెక్క వేస్తే, ఫెర్న్ హాలోకు కావలసింది 26 టన్నుల బోర్డు కాదని, దాన్ని ముందే మూసేసి ఉండాల్సిందని తేలింది.