గంజాంలో ఎక్కువా, గజపతిలో ఎక్కువా?

వానలు పడగానే ఒడిశాలో జిల్లాలవారీ మలేరియా జాబితా వస్తుంది. దాంతోపాటే గంజాంలోని బరంపురానికీ గజపతిలోని పర్లాకిమిడికీ మధ్య పాత వాదన లేస్తుంది. కేసులు గంజాంలో ఎక్కువ, కాబట్టి దోమతెరలూ మందు చల్లే మనుషులూ ముందు అక్కడికే రావాలని ఒక పక్క. మనుషుల లెక్కన చూస్తే జ్వరం మా కొండల్లోనే ఎక్కువని ఇంకో పక్క.

డీడీటీ రోజులూ, 1976లో దేశంలో కేసులు 64 లక్షలు దాటడమూ చాలామందికి తెలిసినవే. ఈ గొడవకు పనికొచ్చేది ఆ మరుసటి ఏడాది వచ్చిన నిబంధన. ఏడాదిలో రక్తపరీక్షలో తేలిన కేసులను జనాభాతో భాగించి వెయ్యితో హెచ్చవేస్తే వచ్చే అంకెను ఏపీఐ అంటారు. అది 2, అంతకుమించి ఉన్న ప్రాంతాల్లో ఇళ్లలో మందు చల్లాలని 1977 ప్రణాళిక చెప్పింది. అదే అంకెను శాతంగా రాస్తే 0.2 అవుతుంది. లెక్కలో తేడా లేదు గానీ, వెయ్యికి ఇద్దరంటే వినేవాళ్లకు మనుషులు కనిపిస్తారు. మరణాలు ఇంకా తక్కువ కాబట్టి వాటిని లక్షకు చెబుతారు.

నా దృష్టిలో అసలు మలుపు 1992 అక్టోబర్ 2. ఆ రోజు పర్లాకిమిడి వైపు భాగాన్ని గంజాం నుంచి విడదీసి గజపతి జిల్లా చేశారు. అంతవరకూ మోహన, ఆర్.ఉదయగిరి కొండల జ్వరాలు తీరంలోని జనసమ్మర్దంతో కలిసి ఒకే సగటులో మునిగిపోయేవి. జిల్లా విడిపోయాకే కొండకు సొంత అంకె వచ్చింది.

2011 జనాభా లెక్కల్లో గంజాంలో 35.29 లక్షల మంది, గజపతిలో 5.78 లక్షల మంది ఉన్నారు. ఒక ఏడాది గంజాంలో 1,400, గజపతిలో 1,200 కేసులు తేలాయనుకుందాం. రెండు జిల్లాల మొత్తంలో గంజాం వాటా 54 శాతం. పత్రికలో పెద్ద అక్షరాలతో పడేది ఇదే. ఏపీఐ తీస్తే గంజాంకు వెయ్యికి 0.4, గజపతికి 2.08 వస్తుంది. జిల్లా విడిపోకుండా ఉండి ఉంటే రెంటికీ కలిపి 0.63 మాత్రమే కనిపించేది. మందు చల్లాల్సిన గీత దాటిన కొండ ఆ అంకెలో ఎక్కడా కనపడదు.

గంజాం వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. మాత్రలూ మంచాలూ రోగుల సంఖ్యను బట్టే కావాలి. కానీ ఏ ఊళ్లో మనిషికి ముప్పు ఎక్కువో తేల్చాల్సినప్పుడు వాటా శాతం పనికిరాదు. పెద్ద జిల్లా వాటా సాధారణంగా పెద్దగానే ఉంటుంది. పైగా గంజాం నుంచి సూరత్ మగ్గాలకు వలసపోయినవాళ్లలో ఏడాదిలో ఎక్కువ భాగం అక్కడే ఉండేవాళ్లు చాలామంది. జనాభా లెక్కలో వాళ్లు గంజాంలోనే ఉండిపోతే, భాగించే అంకె పెరిగి రేటు అసలుకన్నా కాస్త తగ్గి కనిపిస్తుంది.

ఇప్పటి రభసలో తరచుగా వినిపించే ఇంకో శాతం పాజిటివిటీ. అంటే పరీక్షించిన వందమందిలో ఎంతమందికి మలేరియా తేలిందన్నది. దీన్ని ఏపీఐతో కలిపి చదవకపోతే దారి తప్పుతాం. పై ఉదాహరణలో గజపతి జనాభాలో పదో వంతుకు, అంటే సుమారు 57,800 మందికి పరీక్ష చేశారనుకుందాం. 1,200 కేసులంటే పాజిటివిటీ 2.08 శాతం. ఒడిశాలో 2017లో మొదలైన దమన్ కార్యక్రమం మారుమూల ఊళ్లలో జ్వరం లేనివాళ్లకూ పరీక్ష చేసింది. అలా మరో లక్షమందిని చూస్తే ఇంకో 600 మందికి తేలిందనుకోండి. పాజిటివిటీ 1.14 శాతానికి పడిపోతుంది, ఏపీఐ మాత్రం 3.1కి పెరుగుతుంది. రోగం తగ్గిందని ఒకరు సంతోషిస్తారు, పెరిగిందని ఇంకొకరు టెన్షన్ పడతారు. నిజానికి దాగి ఉన్నది బయటపడింది, అంతే.

ఇందుకు ఎదురుగా జరిగేది ఇంకా ప్రమాదం. పరీక్షలు సగానికి తగ్గించి, పాజిటివిటీ అలాగే ఉంటే కేసులు 600కు, ఏపీఐ 1.04కు దిగుతాయి. దోమ ఒక్కటీ చావకుండానే జిల్లా గీత కిందికి జారుతుంది. అందుకే జనాభాలో ఎంతమందిని పరీక్షించారన్న అంకె పక్కన లేకపోతే ఏపీఐని నమ్మకూడదు. పాత ప్రణాళిక ఏడాదికి కనీసం పది శాతం మందికి పరీక్ష చేయాలన్నది కూడా ఇందుకే.

గజపతికి వచ్చిన ఒక్క అంకెతో కూడా పని పూర్తికాదు. వంశధార ఒడ్డునున్న కాశీనగర్ పల్లాన్నీ, మోహన కొండల్నీ కలిపి సగటు తీస్తే, 1992కు ముందు గంజాం చేసిన పనే ఇప్పుడు గజపతి చేసినట్టవుతుంది. మందు చల్లే ఊళ్లు ఎంచేటప్పుడు ఆరోగ్య సబ్‌సెంటర్ వారీగా ఏపీఐ చూడాలి. అయితే ఐదు వందల మంది ఉన్న కొండ ఊళ్లో ఒకే ఒక్క కేసు వచ్చినా రేటు వెయ్యికి 2 అవుతుంది. కాబట్టి అంత చిన్నచోట్ల ఒక్క ఏడాది కాదు, మూడేళ్ల కేసులు కలిపి చూడాలి.