సంపులో నీళ్లున్నా మోటారు ఖాళీగా తిరుగుతుంది

సంపు నిండా నీళ్లున్నాయి. మేడ మీద ట్యాంకు ఖాళీ కాగానే పైనున్న ఫ్లోట్, అంటే నీటి మీద తేలే స్విచ్, కిందపడింది, కంట్రోలర్ మోటారు ఆన్ చేసింది. అరగంట తర్వాత చూస్తే ట్యాంకులో చుక్క చేరలేదు. మోటారు మీద చెయ్యి ఆనడం లేదు. సంపులో అడుగున కట్టిన రెండో ఫ్లోట్ మాత్రం "నీళ్లున్నాయి" అనే చెబుతోంది, అది చెప్పింది నిజమే కూడా.

తప్పు సక్షన్ పైపు అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపే ఫుట్ వాల్వుది. దాని రబ్బరు కింద ఒక ఇసుక రేణువు ఇరుక్కుంటే చాలు, మోటారు ఆగి ఉన్న గంటల్లో సక్షన్ పైపులోని నీళ్లు మెల్లగా సంపులోకి జారిపోతాయి. ఆ పైన మోటారు ఎంత తిరిగినా పంపులో నీళ్లను నెట్టే చక్రం, అంటే ఇంపెల్లర్, గాలినే తిప్పుతుంది. ఇలా నీళ్లు లేకుండా తిరగడమే డ్రై రన్. మన ఇళ్లలో వాడే ఆటోమేటిక్ కంట్రోలర్లలో చాలావాటికి డ్రై రన్ రక్షణ అంటే సంపులో వేలాడే ఫ్లోటే. సంపులో నీళ్లున్నాయా అన్నది ఒక ప్రశ్న, పంపులో నీళ్లున్నాయా అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి మాత్రమే ఫ్లోట్ జవాబు చెప్పగలదు.

పంపులో నీళ్లు లేకపోతే ముందు దెబ్బతినేది మెకానికల్ సీలు. షాఫ్టుతో పాటు తిరిగే కార్బన్ రింగు, కదలకుండా ఉండే సిరామిక్ రింగు ఒకదానికొకటి ఆనుకుని రాపాడుతుంటాయి. వాటి మధ్య ఉండే పల్చటి నీటి పొరే కందెన, అదే చలవ. ఆ పొర ఆరిపోయాక నిమిషాల్లోనే సిరామిక్ బీటలు వారుతుంది, వెనకున్న రబ్బరు గట్టిపడుతుంది. కేసింగులో కాసిని నీళ్లు మిగిలి ఉన్నా మేలు లేదు. బయటికి పోయే దారి లేక అవే నీళ్లు చిలకబడి సలసలా కాగుతాయి. ఆ వేడికి ప్లాస్టిక్ ఇంపెల్లర్లు మెత్తబడి వంకర పోతాయి. సీలు పోయిన పంపు వెంటనే ఆగిపోదు. నీళ్లు షాఫ్టు వెంట కారి బేరింగులోకి, అక్కడి నుంచి వైండింగులోకి చేరతాయి. రెండు నెలల తర్వాత రీవైండింగుకు తీసుకెళ్లినప్పుడు అసలు కారణం డ్రై రన్ అని ఎవరికీ తట్టదు. బోరులోని సబ్‌మెర్సిబుల్ పరిస్థితి ఇంకా కష్టం. మోటారు పక్కనుంచి పారే నీళ్లే దాన్ని చల్లబరుస్తాయి. ఎండాకాలంలో నీటిమట్టం పంపు కిందికి దిగిపోతే ఆ చలవ కూడా పోతుంది.

ఇన్ని జరుగుతున్నా ఎంసీబీ పడదు, స్టార్టర్లోని ఓవర్‌లోడ్ రిలే కదలదు. అవి రెండూ కాపలా కాసేది ఎక్కువ ఆంపియర్ల మీద. నీళ్లు ఎత్తే పని లేనప్పుడు మోటారు మీద బరువు తగ్గుతుంది, ఆంపియర్లు కూడా తగ్గుతాయి. అందుకే డ్రై రన్‌ను పట్టాలంటే తక్కువను చూసే కాపలా కావాలి.

ఇక్కడ చాలామంది ఆంపియర్లు కొలిచి ఊరుకుంటారు. సింగిల్ ఫేజ్ మోటారు విషయంలో అది సరిపోదు. ఒక అర హెచ్‌పీ మోనోబ్లాక్‌ను తీసుకుందాం. 230 వోల్టుల దగ్గర నీళ్లు తోడుతున్నప్పుడు అది 3.2 ఆంపియర్లు, 650 వాట్లు తీసుకుంటోందనుకోండి. ఖాళీగా తిరిగేటప్పుడు అదే మోటారు 2.5 ఆంపియర్లు, 330 వాట్లు చూపిస్తుంది. వాట్లు సగానికి పడిపోయాయి, ఆంపియర్లు మాత్రం ఐదో వంతే తగ్గాయి. కారణం ఏమిటంటే, చిన్న మోటారు తీసుకునే ఆంపియర్లలో పెద్ద భాగం ఇనుప కోర్‌ను అయస్కాంతంగా మార్చడానికే పోతుంది. నీళ్లున్నా లేకున్నా ఆ భాగం అలాగే ఉంటుంది. పైగా రాత్రిపూట వోల్టేజి 250కి ఎక్కితే ఈ అయస్కాంత భాగం పెరుగుతుంది. అప్పుడు ఖాళీ మోటారు కూడా 3 ఆంపియర్ల దాకా చూపించి కంట్రోలర్‌ను మోసం చేస్తుంది. వాట్లు అలా కావు. వోల్టేజి కొంత అటూ ఇటూ అయినా మోటారు వేగం పెద్దగా మారదు కాబట్టి, నీళ్లు ఎత్తడానికి పట్టే శక్తి దాదాపు అంతే ఉంటుంది. వోల్టులు, ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్ మూడూ కలిపి వాట్లు లెక్కగట్టే చిన్న ఎనర్జీ మీటర్ మాడ్యూళ్లు ఇప్పుడు కొన్ని వందల రూపాయలకే దొరుకుతున్నాయి. నా మాట వింటే, మిగతాచోట ఎక్కడైనా పొదుపు చేయండి కానీ ఇక్కడ వద్దు.

హద్దు ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికి మోటారును నిజంగా ఎండబెట్టనక్కర్లేదు. ముందు మామూలుగా నడిపి, నీళ్లు ట్యాంకులో పడుతుండగా వాట్లు రాసుకోండి. తర్వాత డెలివరీ వాల్వు పూర్తిగా మూసి పది సెకన్లు నడిపి మళ్లీ చూడండి. ఇది సెంట్రిఫ్యూగల్ పంపుకే సుమా. పంపులో నీళ్లుంటాయి కాబట్టి సీలుకు ప్రమాదం లేదు. ప్రవాహం లేదు కాబట్టి వాట్లు పడిపోతాయి. మన ఉదాహరణలో 430 దగ్గర ఆగాయనుకుందాం. 650, 430 మధ్య సగం 540. అదే హద్దు. నిజమైన డ్రై రన్‌లో అంకె ఇంకా కిందికే పోతుంది. ఎవరైనా వాల్వు మూసి మరిచిపోయినా ఇదే హద్దు మోటారును ఆపుతుంది.

హద్దుతో పాటు ఓపిక కూడా నేర్పాలి. మోటారు ఎక్కిన మొదటి సెకన్లలో అంకెలు గంతులేస్తాయి. పైపులో గాలి పోయి నీళ్లు అందుకోవడానికి కూడా కొంత సమయం పడుతుంది. అందుకే మొదటి 20 సెకన్లు వాట్లను పట్టించుకోకూడదు. ఆ తర్వాత కూడా ఒక్కసారి తగ్గితే ఆపడం తప్పు. ఒక గాలి బుడగ వచ్చి పోతుంటుంది. వరుసగా 8 సెకన్లు హద్దు కింద ఉంటేనే ఆపాలి. సెకనుకోసారి నడిచే ప్రోగ్రాములో ఈ నిర్ణయమంతా నాలుగు వరుసలే:

```
if (t > 20 && watts < 540) low++; else low = 0;
if (low >= 8) stopPump(DRY);
if (t > 1800) stopPump(TIMEOUT);
if (!sumpOK || tankFull) stopPump(LEVEL);
```

డ్రై రన్‌తో ఆగాక మళ్లీ ఎప్పుడు నడపాలన్నది నీళ్లు ఎక్కడివన్నదాన్ని బట్టి ఉంటుంది. బోరైతే ఊట ఊరడానికి అరగంటో గంటో ఇచ్చి మళ్లీ ప్రయత్నించవచ్చు. మూడుసార్లు విఫలమైతే ఆపేసి ఎర్ర దీపం వెలిగించాలి. సంపు మోటారైతే ఒక్కసారికే ఆపేయడం మేలు. ఫుట్ వాల్వు తనంతట తాను బాగుపడదు, మనిషి వచ్చి పంపులో నీళ్లు నింపి ప్రైమింగ్ చేయాల్సిందే.

మూడో వరుసలోని 1800 సెకన్ల లెక్క ట్యాంకు నుంచి వస్తుంది. వెయ్యి లీటర్ల గుండ్రటి ప్లాస్టిక్ ట్యాంకు అడ్డుకొలత 1.1 మీటర్లు అనుకుంటే ఒక్కో సెంటీమీటరు ఎత్తుకు తొమ్మిదిన్నర లీటర్లు పడతాయి. 40 శాతం దగ్గర ఆన్, 95 శాతం దగ్గర ఆఫ్ అని పెడితే ఒక విడతకు 550 లీటర్లు. నిమిషానికి 30 లీటర్లు ఇచ్చే మోటారుకు అది 18 నిమిషాల పని. మధ్యలో ఇంట్లో కుళాయిలు తిప్పుతారు కాబట్టి 30 నిమిషాలు గరిష్ఠం. పై ఫ్లోట్ ఇరుక్కుపోయినా, పైపు పగిలినా ఈ గడియారం మోటారును ఆపుతుంది.

ఇక ఫ్లోట్ల సంగతి. తీగకు వేలాడే బంతి ఫ్లోట్‌లో ఆన్‌కూ ఆఫ్‌కూ మధ్య తేడా, తీగ బిగించిన చోటు నుంచి బంతి దాకా వదిలిన పొడవుతో వస్తుంది. పొడవు మరీ తక్కువైతే నీళ్లు చిన్నగా అలలెత్తినా మోటారు టకటకా ఆన్ ఆఫ్ అవుతుంది. బంతి గోడకో పైపుకో తగలకుండా తిరగాలి. తీగలు కలిపేటప్పుడు ఒక్క నియమం చాలు: తీగ తెగితే మోటారు ఆగాలి. పైన ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు, కింద సంపులో నీళ్లున్నప్పుడు కాంటాక్టు మూసుకుని ఉండేలా కలపండి. ఉడుత తీగ కొరికితే నీళ్లు రావు, అంతే. ట్యాంకు పొంగదు, మోటారు కాలదు. సంపు ఫ్లోట్ ఫుట్ వాల్వుకు కనీసం 20 సెంటీమీటర్లు పైనే తెరుచుకోవాలి. అంతకంటే నీరు దిగితే సుడి తిరిగి గాలి లోపలికి పోతుంది. స్నానం చేసే నీళ్లలోకి 230 వోల్టులు దించకండి. ఫ్లోట్లకు 12 వోల్టులే పంపి, వాటితో రిలేను నడపండి.

అల్ట్రాసోనిక్ సెన్సర్ ఆకర్షణీయంగా ఉంటుంది. నీళ్లను తాకదు, శాతాల్లో మట్టం చూపిస్తుంది. శబ్దం వెళ్లి తిరిగొచ్చే సమయాన్ని కొలిచి దూరం చెబుతుంది. ఎండాకాలంలో గాలి వేడెక్కితే శబ్దం వేగం పెరుగుతుందని కొందరు కంగారుపడతారు. 25 డిగ్రీల దగ్గర సెకనుకు 346 మీటర్లు, 45 దగ్గర 358. మీటరు దూరానికి మూడున్నర సెంటీమీటర్ల తేడా. అది కూడా ట్యాంకు అడుగున ఉన్నప్పుడే, నిండే వేళకు దూరం తగ్గి తేడా సెంటీమీటరుకు పడిపోతుంది. అసలు ప్రమాదం వేరేచోట ఉంది. ట్యాంకుల్లో ఎక్కువగా వాడే JSN-SR04T లాంటి సెన్సర్లకు దాదాపు పాతిక సెంటీమీటర్ల లోపు చూపు ఉండదు. శబ్దం పంపిన ఆ పలకే ఇంకా అదురుతుండగా ప్రతిధ్వని వచ్చేస్తుంది, దాన్ని అది గుర్తించలేదు. నీళ్లు ఆ గుడ్డి ప్రాంతంలోకి ఎక్కితే సెన్సర్ రెండోసారి తగిలి వచ్చిన ప్రతిధ్వనిని పట్టుకుని, ఉన్నదానికంటే ఎక్కువ దూరం చూపిస్తుంది. అంటే నిండిన ట్యాంకు ఖాళీగా కనిపిస్తుంది, మోటారు ఆగదు. కాబట్టి మూతకు పొట్టి పైపు ముక్క బిగించి, పొంగే మట్టానికి కనీసం 30 సెంటీమీటర్లు పైకి సెన్సర్‌ను ఎత్తాలి. పైనుంచి పడే ధారకు దూరంగా పెట్టాలి. తెల్లవారుజామున పలక మీద ఆవిరి చుక్కలు పడితే కొలతలు చెదురుతాయి. ఐదు కొలతలు తీసి మధ్యది వాడితే చాలావరకు సర్దుకుంటుంది. ప్రతిధ్వని రాకపోతే దాన్ని "ఖాళీ" అని కాదు, "చెడిపోయింది" అని చదివి మోటారు ఆపాలి. ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా నేను సెన్సర్‌ను మట్టం చూపడానికీ మోటారు ఎక్కించడానికీ వాడతాను. చివరిగా ఆపే పని పైనున్న ఫ్లోట్‌కే ఇస్తాను.

ఆపమన్న మాట మోటారు దాకా చేరాలంటే మోటారు లోడును తట్టుకునే పెద్ద రిలే, అంటే కాంటాక్టర్, కావాలి. కిట్లలో వచ్చే నీలం రంగు రిలే మీద 10 ఆంపియర్లు అని రాసి ఉంటుంది, కానీ అది హీటర్ లాంటి లోడుకు. మోటారు ఎక్కేటప్పుడు క్షణకాలం ఐదారు రెట్లు లాగుతుంది. ఆ మెరుపుకు చిన్న రిలే కాంటాక్టులు అతుక్కుపోతాయి. అప్పుడు ప్రోగ్రాము ఎంత ఆపమన్నా మోటారు ఆగదు. రిలేతో కాంటాక్టర్ కాయిల్‌ను మాత్రమే నడిపి, మోటారును కాంటాక్టర్‌కు వదిలేయండి. కాయిల్‌కు అడ్డంగా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, 100 ఓమ్ రెసిస్టర్ వరుసగా కలిపి పెడితే, కాయిల్ వదిలిన ప్రతిసారీ ప్రాసెసర్ రీసెట్ అయ్యే గొడవ తగ్గుతుంది. కెపాసిటర్ మెయిన్స్‌కు తగిన ఎక్స్2 రకమే అయి ఉండాలి.

బిగించాక నీళ్లు తోడుతుండగానే మూడు పరీక్షలు చేయండి. పై ఫ్లోట్‌ను చేత్తో ఎత్తి పట్టుకోండి. అల్ట్రాసోనిక్ తీగ పీకండి. డెలివరీ వాల్వు మూయండి. మొదటి రెండింటికి మోటారు వెంటనే ఆగాలి, మూడోదానికి 8 సెకన్లలో. వాల్వు మూసినా తిరుగుతూనే ఉంటే హద్దు 540 నుంచి కొంచెం పైకి జరిపి మళ్లీ చూడండి. వాల్వు తెరిచి ఉండగానే అప్పుడప్పుడూ ఆగిపోతుంటే హద్దు కిందికి జరపడానికి ముందు ఫుట్ వాల్వు జాలీని విప్పి కడగండి. దుమ్ము పట్టిన జాలీ ప్రవాహాన్ని తగ్గిస్తుంది, దానితో వాట్లూ తగ్గుతాయి.