పాత టేబుల్ కొనేముందు ఒకసారి తిరగేసి చూడండి

పండూ, చిట్టీ,

మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు, కాకినాడలో రూమ్ తీసుకున్నారంట, చదువుకోడానికి ఒక టేబుల్ కావాలంట, కొత్తది 12 వేలు చెప్తున్నారని పాత సామాన్ల షాపుల్లో వెతుకుతున్నారంట. మంచి పనే. చిట్టి పంపిన ఫొటో చూశాను, తళతళా మెరిసిపోతోంది, అందులో నాకు పాలిష్ తప్ప ఇంకేం కనపడలేదు, అది చూసి టేబుల్ బాగుందా లేదా చెప్పమంటే నావల్ల కాదమ్మా. ఇన్నేళ్ళు టింబర్ డిపోలో ఉన్నోణ్ణి కాబట్టి నేనైతే ఎలా చూస్తానో రాస్తున్నా, ఆదివారం వెళ్ళినప్పుడు ఇది దగ్గరపెట్టుకుని చూడండి. పగలు వెళ్ళండి, ట్యూబ్‌లైట్ కింద కాదు. ఒక పిన్నీసు, ఒక విజిటింగ్ కార్డు, ఫోన్లో టార్చి ఉంటే చాలు.

ముందు పైపలక జోలికి పోకండి, షాపువాడు దాన్నే చూపిస్తాడు, మీరు టేబుల్‌ని చదునైన నేలమీద పెట్టించి ఎదురుబదురు మూలలు చెరోటీ పట్టుకుని మెల్లగా పక్కకి తొయ్యండి. గట్టి టేబుల్ అయితే మొత్తం ఒకే ముక్కలాగ కదులుతుంది. జాయింట్లు వదిలేసిందయితే పైపలక ఒకవైపు, కాళ్ళు ఇంకోవైపు ఒరిగిపోతాయి, కిర్రుమని చప్పుడు కూడా వస్తుంది. కాళ్ళల్లో ఒకటి నేలకి ఆనకుండా ఊగితే మాత్రం వెంటనే కంగారు పడక్కర్లేదు, సగం సార్లు నేలే వంకరగా ఉంటుంది, టేబుల్‌ని కొంచెం తిప్పి ఇంకోచోట పెట్టి చూడండి, అప్పుడు కూడా అదే కాలు ఊగితేనే లెక్క.

జాయింటు సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే పాత ఫర్నిచర్‌లో డబ్బులు ఇచ్చేది దానికే. పద్ధతిగా చేసిన టేబుల్‌కి పైపలక కింద ఉండే పట్టీ చివర నాలికలాగ చెక్కి, కాలికి పెట్టిన బెజ్జంలోకి దింపుతారు, జిగురు పూసి, పక్కనుంచి వెదురు చీల కొడతారు. కాలిమీద గుండ్రంగా చిన్న చుక్కలాగ ఆ చీల తల కనపడుతుంది. పాత టేబుల్‌మీద వేలుతో తడిమితే ఆ చుక్క కొద్దిగా పైకి పొడుచుకొచ్చినట్టు తగలొచ్చు, లోపమనుకోకండి, కర్ర అడ్డంగా కుంచించుకుపోతుంది కానీ పొడవులో పెద్దగా మారదు, అందుకని ఏళ్ళు గడిచేకొద్దీ కాలు సన్నబడి చీల మాత్రం అంతే ఉండిపోతుంది. అలా తగిలితే నాకు లోపల్లోపల సంతోషం, ఇది నిన్నమొన్న చేసి పాతదని అంటగడుతున్న సరుకు కాకపోవచ్చని.

మన గోదారి జిల్లాల్లో వానాకాలం కర్ర నీరు పీల్చి ఉబ్బుతుంది, మే నెలలో మళ్ళీ ఎండి కుంచించుకుంటుంది, ఏటా ఇదే వరస కాబట్టి జిగురు పట్టు వదిలేసి నాలిక బెజ్జంలో వదులవుతుంది. అది మామూలు జబ్బే, మందుంది. వడ్రంగి జాయింటు విప్పి, పాత జిగురంతా గీకేసి, కొత్తది పూసి, బిగించి ఒక రోజు వదిలేస్తాడు, అంతే. గీకకుండా పాత జిగురుమీదే ఫెవికాల్ పోస్తే మాత్రం అది కర్రని పట్టుకోదు, మూడు నెలల్లో మళ్ళీ మొదటికే. అసలు చిక్కు ఎక్కడంటే, వదులైన జాయింటుకి ఓపికలేని వాడెవడో అడ్డంగా ఇనప మేకు దిగేస్తాడు, ఆ మేకు లోపల నాలికని నిలువునా చీల్చేస్తుంది, పైకి గట్టిగా అనిపిస్తుంది, లోపల పనైపోయింది. అందుకే జాయింటు దగ్గర మేకు తలలు గానీ, లప్పం పెట్టి రంగేసిన గుండ్రటి మచ్చలు గానీ కనపడితే ఆగి చూడండి. విజిటింగ్ కార్డు అంచు పట్టీకి కాలికి మధ్య దూరుతుందేమో పెట్టండి. దూరిందా, అప్పుడు పట్టీని పట్టుకుని ఊపండి. లోపలికీ బయటికీ తిన్నగా కదిలితే వదులు మాత్రమే. మెలితిరిగినట్టు కదిలితే, లేదా జాయింటు దగ్గర మొదలైన సన్న పగులు కాలి పొడుగునా కిందికి జారుతుంటే నాలికో కాలో చీలిందన్నమాట, దాన్ని అక్కడే వదిలేసి రండి, పొగరుబోతు అల్లుడిలాంటిది, ఎంత మర్యాద చేసినా సరిపడదు.

ఇంక తిరగేయండి. షాపువాడు మొహం చిట్లిస్తాడు, "ఏమండీ, ఒకసారి తిరగేసి చూస్తామండి" అని మర్యాదగా అడగండి, వద్దన్నాడంటే మీకు సమాధానం దొరికినట్టే.

కింద వైపు పాలిష్ ఉండదు, అసలు కర్ర అక్కడే తెలుస్తుంది. టేకు అని చెప్తున్నాడు కదా, పైపలక చివర, అంటే రంపంతో కోసిన అంచు చూడండి. నిజమైన పలకకి పైన కనపడే గీతలు ఆ చివర వంకీలుగా తేలతాయి, టేకైతే దగ్గరగా చూస్తే వరసగా సన్న రంధ్రాలు కూడా కళ్ళకి కనపడతాయి. ఆ చివర పొరలు పొరలుగా ఉంటే ప్లైవుడ్, పొట్టు ముద్దలా ఉంటే రంపపు పొట్టుతో నొక్కిన బోర్డు, పైన అతికించింది కాగితం మందం టేకు మాత్రమే. పైన ఒక ముడి కనపడితే అదే చోట కింద కూడా దాని గుర్తు వెతకండి, లేదంటే అనుమానించండి. కింద వైపు గోటితో గీకి వాసన చూడండి, టేకుకి ఎన్నేళ్ళయినా ఒక రకం నూనె కలిసిన తోలు వాసన వస్తుంది, ఒకసారి పడితే మర్చిపోరు. తెలీకపోతే మీ పెద్దమ్మ బీరువా తలుపు లోపల వాసన చూసుకుని వెళ్ళండి, అది అసలు టేకే.

టేకే అయినా అంతా ఒకటి కాదు. మాను లోపలి గట్టి భాగం, అదే చేవ, బంగారు గోధుమ రంగు, బెరడు పక్కన తెల్ల చెక్క లేతగా ఉంటుంది. పాలిష్‌లో ముదురు రంగు కలిపి రెండూ ఒకేలా చేసేస్తారు, కింద తిరగేస్తే బయటపడుతుంది. పురుగు చేవని ముట్టుకోడం తక్కువ, తెల్ల చెక్కలో పిండి పదార్థం ఉంటుంది, దాని తిండి అదే. కాబట్టి సన్న గుండ్రటి బెజ్జాలు ఆ తెల్ల చెక్కలోనే వెతకండి, ముఖ్యంగా కాళ్ళ లోపలి మూలలు, సొరుగు పక్కలు. బెజ్జాలుంటే ఒక న్యూస్‌పేపర్ కింద పరిచి చేత్తో తట్టండి. మెత్తని లేత పిండి రాలితే పురుగు ఇప్పటికీ లోపల తింటోంది. ఏమీ రాలకపోతే పాతదే అయ్యుండొచ్చు గానీ షాపువాడు పొద్దున్నే గుడ్డపెట్టి తుడిచి కూడా ఉండొచ్చు, అందుకని కాలి పొడుగునా రూపాయి బిళ్ళతో తట్టుకుంటూ రండి, టకటకమనేది ఒకచోట డొల్లగా మోగితే లోపల చెదలో పుచ్చో ఉందనే అనుకోండి.

అన్నట్టు, జాయింటు సందుల్లో మిరియం గింజ కంటే చాలా చిన్న నల్ల చుక్కలు గుంపుగా ఉంటే నల్లులు, ఆ టేబుల్ ఇంటికి తేవద్దు, మీ పరుపుల్లో దూరితే సెమిస్టర్ అంతా గోక్కుంటారు.

ఇంక మన వైపు ప్రత్యేకంగా చూడాల్సింది వరద. 1986 ఆగస్టులో, మళ్ళీ 2022 జులైలో గోదారి వచ్చినప్పుడు లంకల్లో ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చేశాయి, అలాంటప్పుడు తడిసిన సామాను తర్వాత ఎక్కడో అక్కడ తక్కువ రేటుకి తేలుతుంది, కడిగి పాలిష్ వేస్తే ఎవరికీ తెలీదు అనుకుంటారు. తెలుస్తుంది. కాళ్ళ అడుగున ఒక అంగుళం రెండంగుళాలు మాత్రమే నల్లబడితే అది రోజూ తడిగుడ్డతో ఇల్లు తుడిచిన గుర్తు, ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. నాలుగు కాళ్ళకీ ఒకే ఎత్తున, మోకాలంత దాకా రంగు మారితే నీళ్ళలో నిలబడిందని. సొరుగు లాగేసి అది జారే గాడిలో, స్క్రూ తలల గాళ్ళలో టార్చి వేసి చూడండి, బూడిదరంగు సన్న ఒండ్రు అక్కడ ఇరుక్కుని ఉంటుంది, పై గుడ్డకి అందదు. ఇనప మేకుల చుట్టూ నల్లటి మరక చిమ్మినట్టుంటే అక్కడ తడి చాలాకాలం ఉందని, తుమ్మ, మద్ది లాంటి కర్రల్లో ఇది బాగా కనపడుతుంది.

తడిసిందని తెలిసినా నేను వెంటనే వద్దనను. గట్టి టేకు పలక నీళ్ళలో మునిగినా మెల్లగా నీడలో ఆరితే కోలుకుంటుంది, పోయేది జిగురు. ప్లైవుడ్ అయితే పొరలు విడిపోతాయి, పొట్టు బోర్డు ఒకసారి ఉబ్బితే ఎండినా మళ్ళీ పాత మందానికి రాదు, ఇవి రెండూ ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు.

పోయిన నెల మీ మేనత్త కొడుక్కి భీమవరంలో ఒకటి కొన్నాం కదా, 6500 చెప్పాడు. ఊపితే వెనక రెండు జాయింట్లు వదులు, మేకులు లేవు, తిన్నగానే కదిలాయి. పైపలకా కాళ్ళూ టేకే, సొరుగు అడుగు మాత్రం ప్లైవుడ్, మధ్యలో కిందికి దిగిపోయింది. ఒక కాలి అడుగున పిన్నీసు గుచ్చితే వెన్నలోకి దిగినట్టు దిగింది, ఇంకో మూడింటికి మొన కూడా సరిగ్గా దిగలేదు. అంటే చేయించాల్సినవి మూడు: రెండు జాయింట్లు, సొరుగు అడుగు, ఒక కాలికి రెండంగుళాలు కోసి కొత్త ముక్క అతుకు. మా వడ్రంగికి అక్కడినుంచే ఫోన్ చేసి అడిగితే సామానుతో కలిపి 1500 అన్నాడు. కాలుకి కొత్త ముక్క ఎందుకు, నాలుగూ రెండంగుళాలు కోసేయొచ్చు కదా అన్నాడు షాపువాడు, కోసేస్తే కుర్చీలో కూర్చున్నోడి మోకాళ్ళు సొరుక్కి తగులుతాయండి అన్నాను. నేను 3500 దగ్గర మొదలుపెట్టాను, లోపాలు ఒక్కొక్కటీ వేలుపెట్టి చూపిస్తూ మాట్లాడాను, 4000కి ఇచ్చాడు. రిపేరుతో కలిపి 5500 పడింది.

మీరు కూడా అలాగే రిపేరు ఖర్చు ముందు తెలుసుకుని అప్పుడు రేటు చెప్పండి, ఊరికే "తగ్గించండి అంకుల్" అంటే వంద తగ్గించి పంపేస్తాడు. తీసుకెళ్ళేటప్పుడు ట్రాలీ ఆటోలో పైపలక కిందికి పెట్టి, కాళ్ళు ఆకాశానికి పెట్టి, కింద పాత దుప్పటి వేసి కట్టించండి, కాళ్ళు పట్టుకుని నేలమీద ఈడ్చనివ్వకండి, బాగున్న జాయింట్లు కూడా అక్కడే వదులైపోతాయి.

మీ పెదనాన్న