సుకన్య ఖాతాలో చివరికి చేతికొచ్చేది ఎంత?

మా చెల్లెలు 2015 ఏప్రిల్ మొదటి వారంలో తన కూతురి పేరున సుకన్య సమృద్ధి ఖాతా తెరిచింది. పాపకి అప్పుడు నాలుగేళ్లు. పదేళ్లు గడిచాక, మొన్న పాస్‌బుక్ పట్టుకొచ్చి "అన్నయ్యా, ఇది పూర్తయ్యేసరికి ఎంత వస్తుందో లెక్కేసి చెప్పు" అంది. ఫోన్‌లో దొరికే కాలిక్యులేటర్‌లో అప్పటికే చూసిందట, దాదాపు 25 లక్షల 85 వేలు చూపించిందట. ఏడాదికి సగటున 54 వేలు, వడ్డీ 8.2 శాతం అని కొడితే వచ్చిన అంకె అది. కానీ తను ఏ ఏడూ 54 వేలు కట్టలేదు. వడ్డీ కూడా మొదటి తొమ్మిదేళ్లలో ఏ సంవత్సరమూ పూర్తిగా 8.2 శాతం మీద నడవలేదు.

ముందు కాలం సంగతి తేల్చాలి. ఈ ఖాతా పిల్లకి 21 ఏళ్లు నిండితే పూర్తవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఖాతా తెరిచిన రోజు నుంచి 21 ఏళ్లు లెక్క. అంటే మా మేనకోడలి ఖాతా 2036 ఏప్రిల్‌లో పూర్తవుతుంది, అప్పటికి తనకి 25 ఏళ్లు. డబ్బు కట్టేది మాత్రం మొదటి 15 ఏళ్లే. తర్వాతి ఆరేళ్లు రూపాయి కట్టక్కర్లేదు, ఉన్నదాని మీద వడ్డీ పెరుగుతూ ఉంటుంది.

ఇక వడ్డీ. 2016 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం చిన్న మొత్తాల పొదుపు రేట్లను మూడు నెలలకోసారి ప్రకటిస్తోంది. కొత్త రేటు కొత్తగా కట్టే డబ్బుకే కాదు, ఖాతాలో ఉన్న మొత్తం నిల్వకీ వర్తిస్తుంది. జాతీయ పొదుపు పత్రం కొంటే ఆ రోజు రేటు చివరిదాకా మనదే. సుకన్యలో ఆ హామీ లేదు. 2015-16లో 9.2 శాతం ఉన్నది మెల్లగా తగ్గుతూ, మధ్యలో ఒకసారి కాస్త లేచి, 2020 ఏప్రిల్‌లో 7.6కి పడింది. మూడేళ్లు అక్కడే ఉంది. 2023 ఏప్రిల్‌లో 8, 2024 జనవరిలో 8.2 అయింది.

రేటు మూడు నెలలకోసారి మారుతుంది కాబట్టి వడ్డీ కూడా మూడు నెలలకోసారి అసలులో కలుస్తుందనుకోవడం ఇక్కడ బాగా జరిగే పొరపాటు. వడ్డీ లెక్కగట్టేది నెలనెలా, ఖాతాలో కలిపేది మాత్రం ఆర్థిక సంవత్సరం చివర ఒక్కసారే. నెల 5వ తేదీ ముగిశాక, ఆ నెలాఖరులోపు ఉన్న అతి తక్కువ నిల్వ మీద ఆ నెల వడ్డీ వస్తుంది. మా చెల్లెలు ప్రతి ఏడూ ఏప్రిల్ 5 లోపే కట్టేసింది. అందువల్ల ఏడాది పొడవునా నిల్వ ఒకటే, నాలుగు త్రైమాసికాల రేట్ల సగటు తీసుకుంటే సరిపోతుంది. ఉదాహరణకి 2017-18లో రేట్లు 8.4, 8.3, 8.3, 8.1. సగటు 8.275. ఏడాది మధ్యలో కట్టినవాళ్లకి ఈ దగ్గరిదారి పనికిరాదు, పన్నెండు నెలలూ విడివిడిగా లెక్కేసుకోవాలి.

షీట్‌లో ఏడాదికో వరుస రాశాను. B గడిలో పాత నిల్వ, Cలో ఆ ఏడాది కట్టినది, Dలో సగటు రేటు. వడ్డీ గడిలో ఉండేది ఇంతే:

```
=ROUND((B2+C2)*D2/100, 0)
```

మొదటి నాలుగేళ్లు ఏటా 50 వేలు, ఐదో ఏడు 60 వేలు కట్టింది. 2020లో బావగారి జీతం ఆగిపోయింది, ఆ ఏడు 250 రూపాయలు మాత్రమే వేసింది. అది కనీస మొత్తం. అది కూడా కట్టకపోతే ఖాతా డిఫాల్ట్‌లోకి వెళ్తుంది, ఏడాదికి 50 రూపాయల జరిమానా కట్టి సరిచేసుకోవాలి. తర్వాత వరుసగా 30 వేలు, 60 వేలు, 60 వేలు, చివరికి 2024-25లో లక్ష. పదేళ్లలో కట్టింది 5,10,250 రూపాయలు. 2025 మార్చి 31న షీట్‌లో తేలిన నిల్వ 7,77,887.

ఇలా తేలిన అంకెని నమ్మే ముందు ప్రతి ఏడాది వడ్డీని పాస్‌బుక్‌లో మార్చి 31న పడ్డ వడ్డీతో పోల్చాలి. ఒకటి రెండు రూపాయలు అటూ ఇటూ అయితే సర్దుబాటు అనుకోవచ్చు. అంతకంటే ఎక్కువైతే ఆ తేడాయే కారణం చెబుతుంది. 30 వేలు కట్టిన 2021-22లో తేడా సరిగ్గా 190 రూపాయలు వచ్చిందనుకోండి. 30 వేల మీద 7.6 శాతం చొప్పున ఒక నెల వడ్డీ అంతే. అంటే ఆ డబ్బు ఖాతాలో 5 దాటాక పడిందన్నమాట. చెక్కు ఇచ్చినవాళ్లకి ఇలా జరుగుతుంది, ఎందుకంటే చెక్కు ఇచ్చిన రోజు కాదు, అది చెల్లిన రోజే లెక్క. 2025 ఏప్రిల్‌లో 60 వేలు ఒక్కరోజు ఆలస్యమై 6న పడితే పోయేది 410 రూపాయలు. అదే 60 వేలు మార్చి చివర్లో కడితే ఏడాది వడ్డీ మొత్తం, అంటే 4,920 పోతుంది. పదేళ్ల చక్రవడ్డీతో 2036 నాటికి ఆ లోటు దాదాపు 10,800 అవుతుంది.

గడిచిన పదేళ్లలో ఊహకి చోటు లేదు. రాబోయే పదకొండేళ్లలో చోటంతా ఊహదే. మిగిలిన ఐదేళ్లు ఏటా 60 వేలు కడుతుందని, రేటు 8.2 దగ్గరే ఉంటుందని అనుకుంటే 2030 మార్చి 31కి 15.36 లక్షలు. తర్వాతి ఆరేళ్లు ఏమీ కట్టకుండానే అది 24.65 లక్షలు అవుతుంది. ఆ ఆరేళ్లలో వచ్చే వడ్డీయే దాదాపు 9.29 లక్షలు. పదిహేనేళ్లలో కట్టిన మొత్తం 8.10 లక్షలే! ఇది చూసి మా చెల్లెలు కాసేపు మాట్లాడలేదు. ఇక్కడే వడ్డీని మూడు నెలలకోసారి కలిపినట్టు షీట్ రాసుంటే, ఈ ఆరేళ్లకే సుమారు 35 వేలు లేని డబ్బు కనిపించేది.

కాలిక్యులేటర్ చెప్పినదానికీ దీనికీ దాదాపు లక్షా 20 వేలు తేడా. కట్టిన మొత్తం రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే. తేడాకి ముఖ్య కారణం పెద్ద మొత్తాలు ఆలస్యంగా పడటం. 2024లో కట్టిన లక్షకి ఎదగడానికి మిగిలింది పన్నెండేళ్లే. మూడేళ్ల 7.6 శాతం కూడా కొంత కోసేసింది.

మరి రేటు ఎటు పోతుంది? పదేళ్ల ప్రభుత్వ బాండ్ల రాబడికి 0.75 శాతం కలిపి సుకన్య రేటు నిర్ణయించాలన్నది సూత్రం. ప్రభుత్వం దాన్ని ప్రతిసారీ అచ్చంగా పాటించదు, కానీ దిక్కు తెలుసుకోవడానికి బాండ్ల రాబడి చూడటం మంచిదే. అందుకే నేను ఒక అంకె ఇవ్వలేదు, రెండిచ్చాను. 8.2 నిలిస్తే 24.65 లక్షలు. ఇప్పటి నుంచి చివరిదాకా 7.2 అయితే 22.35 లక్షలు. పాప చదువుకి మధ్యలో డబ్బు తీస్తే ఈ రెండూ మారిపోతాయి. నిబంధనల ప్రకారం క్రితం మార్చి నాటి నిల్వలో సగం దాకా తీయొచ్చు.

"రెండు లక్షల 30 వేల తేడానా? మరి ఏది నమ్మాలి?" అంది చెల్లెలు. ఏటా ఏప్రిల్‌లో పాస్‌బుక్ ఎంట్రీ వేయించి, ఒక ఊహ వరుస చెరిపి నిజం వరుస రాయమన్నాను. అలా రాస్తూ పోతే 2030 మార్చికి 15.36 లక్షలు చేరాయనుకుందాం. అప్పుడు అదే ఒక శాతం తేడా తెచ్చే ఎడం లక్షా 34 వేలకి దిగుతుంది.